కొత్త మానిటర్‌లో ఆరని చుక్కలు: షాపుకు మెయిల్ పంపేముందు ఒకసారి చూడండి

అనంత_డీటీపీ

అందరికీ నమస్కారం. నాది అనంతపురం, సప్తగిరి సర్కిల్‌కు దగ్గర్లో చిన్న డీటీపీ షాపు. పెళ్లిపత్రికలు, ఫ్లెక్సీలు, కరపత్రాలు, ఇదే పని. పోయిన వారం 24 అంగుళాల ఫుల్ హెచ్‌డీ మానిటర్ కొత్తది కొన్నా. ఐపీఎస్ ప్యానెల్, మూడేళ్ల వారంటీ. పగలంతా తెల్ల పేజీ మీదే పని కాబట్టి ఏమీ కనపడలా. రాత్రి ఒక ఫ్లెక్సీకి నల్ల బ్యాక్‌గ్రౌండ్ పెడితే నడిమధ్యలో రెండు ఆకుపచ్చ చుక్కలు, కుడిపక్క కింద ఒక ఎర్ర చుక్క. ఫోటోలోనే ఏదో మచ్చ ఉందేమో అని జరిపి చూసినా. బొమ్మ జరిగింది గానీ చుక్క జరగలా.

షాపుకు ఫోన్ చేస్తే "ఒకటీ రెండు చుక్కలు మామూలేనప్పా, కంపెనీవాళ్లు ఒప్పుకోరు" అని పెట్టేసినారు. అందుకని మెయిల్ పంపాలనుకుంటున్నా. ఇట్ల రాసినా:

> అయ్యా, మీ దగ్గర కొన్న మానిటర్ నిండా చుక్కలే. డబ్బులు తీసుకొని ఇట్లాంటి డొక్కు సరుకు అంటగడతారా? వారంటీ ఉంది కాబట్టి వెంటనే కొత్తది ఇవ్వండి. లేదంటే కన్స్యూమర్ కోర్టుకు పోతా. గూగుల్‌లో ఒక్క స్టార్ ఇస్తా.

ఇది చాల్నా, ఇంకొంచెం ఘాటుగా ఉండాల్నా?

పెన్నేటి_రాయుడు

ఘాటు చాలదు. వారంటీ అంటేనే ఏ లోపమున్నా మార్చి ఇయ్యాల్సిందే. ఒక్క చుక్క ఉన్నా సరే. వినియోగదారుల చట్టంలో 30 రోజుల్లో సరుకు వాపసు తీసుకొని డబ్బులు ఇయ్యాలని రాసిండాది. ఆ సెక్షన్ నంబర్ వేసి పంపు, పరిగెత్తుకుంటా వస్తారు.

సీమ_టీచరమ్మ

మా ఇంట్లో టీవీకి కూడా ఇట్లనే అయింది. నిలువుగా ఒక పచ్చ గీత, పైనుంచి కిందికి. వారంటీ అయిపోయింది, ప్యానెల్ మార్చాలన్నారు, కొత్త టీవీ ఖరీదు చెప్పినారు. మీది కూడా గీతగా మారకముందే మార్పించుకోండి.

గాజుపలక

నేను కర్నూల్లో టీవీలు, మానిటర్లు చేసే సర్వీస్ సెంటర్‌లో పనిచేసినోణ్ని. టీచరమ్మా, మీ టీవీ గీత వేరే కథ. ఒక వరుస మొత్తానికి సిగ్నల్ ఇచ్చే భాగం పోతే, లేదా ప్యానెల్ అంచున అతుకు వదిలితే అట్ల గీత పడుతుంది. ఈయనవి విడి చుక్కలు. చుక్క పెరిగి గీత కాదు.

అనంత తమ్ముడూ, మెయిల్ సంగతికి ముందు ఆ చుక్కలేందో తేల్చుకోవాల. "చుక్కలు కనపడుతున్నాయి" అని రాస్తే అవతల మనిషికి దుమ్మో, గీతో, చచ్చిన పిక్సెలో ఏమీ అర్థం కాదు. ఒక్కో పిక్సెల్‌లో ఎరుపు, ఆకుపచ్చ, నీలం మూడు ముక్కలుంటాయి. ఆ ముక్కల్లో ఒకటి ఆరకుండా నిలిచిపోతే నీకు కనపడే రంగు చుక్క అదే. మొత్తం పిక్సెలే నల్లగా ఉంటే అది చచ్చిన పిక్సెల్. రెంటికీ కంపెనీ లెక్క వేరువేరుగా ఉంటుంది.

ఇట్ల చేసి చూడు. ముందు స్క్రీన్‌ను మెత్తని గుడ్డతో మెల్లగా తుడువు, నొక్కద్దు. తర్వాత పెయింట్‌లో పూర్తి నలుపు, తెలుపు, ఎరుపు, ఆకుపచ్చ, నీలం బొమ్మలు ఐదు చేసుకొని, ఒక్కోటీ స్క్రీన్ నిండా పెట్టు. ఆకుపచ్చ ముక్క వెలిగి నిలిచిపోయింటే నలుపు మీద ఆకుపచ్చగా కనపడుతుంది, ఎరుపు మీద పసుపుగా మారుతుంది, ఆకుపచ్చ మీద, తెలుపు మీద మాయమైపోతుంది. నువ్వు పగలంతా తెల్ల పేజీ మీద చూసినా కనపడలేదంటే కారణం అదే. అట్ల కాకుండా తెలుపు మీద మాత్రం గులాబీ రంగు చుక్కగా కనపడి నలుపు మీద లేకపోతే, అది ఆకుపచ్చ ముక్క ఆరిపోయిన కేసు. దుమ్మయితే అన్ని రంగుల మీదా మసకగా ఉంటుంది, ఏ రంగుకూ మారదు.

అనంత_డీటీపీ

చేసినా అన్నా. మీరు చెప్పినట్టే, రెండు ఆకుపచ్చవీ ఎరుపు మీద పసుపయినాయి. ఎర్ర చుక్క ఆకుపచ్చ బొమ్మ మీద పసుపుగా ఉంది. తెలుపు మీద మూడూ లేవు. ఆకుపచ్చ రెంటికీ మధ్య ఒక వేలెడు ఎడం. ఇంకోటి, స్క్రీన్‌షాట్ తీసి ఫోన్‌కు పంపుకొని చూస్తే దాంట్లో చుక్కల్లేవు. అంటే స్క్రీన్‌షాట్ సాక్ష్యంగా పనికిరాదా?

గాజుపలక

దానికంటే మంచి సాక్ష్యం ఏముంది? స్క్రీన్‌షాట్ కంప్యూటర్ పంపే బొమ్మను పట్టుకుంటుంది, ప్యానెల్ చూపించేదాన్ని కాదు. దాంట్లో చుక్క లేదంటే గ్రాఫిక్స్ కార్డుదీ డ్రైవర్‌దీ తప్పు కాదు, గాజులోనే ఉందని అర్థం. మానిటర్ బటన్ నొక్కితే వచ్చే దాని సొంత మెనూను చుక్క మీదికి తెచ్చుకో. మెనూ మీద కూడా చుక్క వెలుగుతుంటే ఇంక వాదనే లేదు. చివరిగా వేరే లాప్‌టాప్, వేరే కేబుల్ పెట్టి ఒకసారి చూడు. ఈ మూడూ మెయిల్‌లో రెండు వాక్యాల్లో రాస్తే "విండోస్ మళ్లీ వేసుకోండి, కేబుల్ మార్చండి" అని తిప్పే పని వాళ్లకుండదు.

ఇప్పుడు రాయుడన్న మాట. సగం నిజం, సగం ఇబ్బంది. వారంటీ కాగితాల్లో పిక్సెల్ లోపాలకు విడిగా ఒక లెక్క ఉంటుంది, ఇన్ని దాటితేనే మారుస్తామని. చాలా కంపెనీలు ఐఎస్ఓ ప్రమాణాన్ని పట్టుకొని రాసుకుంటాయి. 2001 నాటి పాత ప్రమాణం 13406-2లో రెండో తరగతి ప్యానెల్‌కు ప్రతి పది లక్షల పిక్సెళ్లకు పూర్తిగా వెలిగినవి రెండు, పూర్తిగా ఆరినవి రెండు, ముక్కల లోపాలు ఐదు దాకా ఒప్పుకుంటారు. 2008లో దాని బదులు 9241-307 వచ్చింది. ఇప్పుడు నీ మానిటర్ లెక్క చూడు. 1920ని 1080తో గుణిస్తే 20,73,600 పిక్సెళ్లు, అంటే ఇరవై లక్షల పైమాట. పాత లెక్క ప్రకారం ముక్కల లోపాలు పది దాకా మామూలే అంటారు. నీవి మూడు. ఆ పద్ధతి పాటించే కంపెనీ అయితే "వారంటీ కింద మార్చండి" అనే ఒక్క మాట మీద నిలబడితే ఓడిపోతావు.

అయితే అన్ని కంపెనీలూ అంత గట్టిగా ఉండవు. కొన్ని మోడళ్లకు వెలిగే చుక్క ఒక్కటున్నా మారుస్తామని రాసుంటారు. కొందరు పక్కపక్కనే ఉన్న చుక్కలకు వేరే నియమం పెడతారు. కాబట్టి ముందు నీ మోడల్ నంబర్‌తో కంపెనీ సైట్‌లో పిక్సెల్ పాలసీ వెతుక్కో.

పెన్నేటి_రాయుడు

ఇరవై లక్షల్లో పది చుక్కలు మామూలేనా! నల్ల తెర మీద పది ఎర్ర చుక్కలు పెట్టుకొని ఎవరు పనిచేస్తారప్పా? ఆ ప్రమాణం రాసినాయన ఇంట్లో పెట్టుకోమనండి.

గాజుపలక

కోపం న్యాయమైందే. కాకపోతే అరవై రెండు లక్షల ముక్కల్లో ఒక్కటీ చెడకుండా ప్రతి గాజూ తయారు కావాలంటే చాలా ప్యానెళ్లు పారేయాలి, మిగిలినవాటి ధర పెరుగుతుంది. ఆ బేరం మనల్ని అడక్కుండా కుదుర్చుకున్నారు, అంతే.

పొద్దుటూరు_కంప్యూటర్స్

నేను షాపు పక్కనుంచి చెప్తా, కొట్టకండి. మాది పొద్దుటూరులో చిన్న షాపు. మీరు డబ్బా విప్పినాక మానిటర్ తెచ్చి మా కౌంటర్ మీద పెడితే, మేము దాన్ని డిస్ట్రిబ్యూటర్‌కు ఊరికే వెనక్కి పంపలేం. "విప్పిన పీసు" అంటాడు. కంపెనీ సర్వీస్ వాళ్లు డీఓఏ అని రాసిచ్చిన రిపోర్టు, లేదా కనీసం కంప్లయింట్ నంబర్ ఉంటే, అప్పుడు మాకు డిస్ట్రిబ్యూటర్ నుంచి కొత్త పీసో క్రెడిట్ నోటో వస్తుంది. డీఓఏ అంటే వచ్చీ రాగానే చెడిపోయింది అని. దానికి గడువు చిన్నది, బ్రాండును బట్టి వారం నుంచి నెల లోపల. గడువు దాటితే అది మామూలు వారంటీ కేసు, షాపు చేతుల్లో ఏమీ ఉండదు.

మెయిల్‌లో "డొక్కు సరుకు" అంటే మా మేనేజరు చదివి పక్కన పెడతాడు. "డీఓఏ కింద నమోదు చేయండి" అని వచ్చిందనుకోండి, దాన్ని ఏం చేయాలో మాకు దారి తెలుసు. అదే మెయిల్‌ను కంపెనీ వాళ్లకు ఫార్వర్డ్ చేస్తాం కూడా.

డబ్బా, థర్మకోల్, స్టాండు స్క్రూలు, కేబుల్, అన్నీ ఉంచుకున్నారా? డబ్బా మీది సీరియల్ నంబరూ మానిటర్ వెనక స్టిక్కర్ మీది నంబరూ ఒకటి కాకపోతే ఎవరూ తీసుకోరు.

అనంత_డీటీపీ

డబ్బా ఉంది అన్నా. థర్మకోల్‌ను మా పిల్లోడు రెండు ముక్కలు చేసినాడు, టేపు వేస్తే సరిపోతుందా?

పొద్దుటూరు_కంప్యూటర్స్

సరిపోతుంది. దానికెవరూ కాదనరు.

తుంగభద్ర_చిన్నోడు

ఇంత తతంగం ఎందుకు? చుక్క మీద మెత్తటి గుడ్డ పెట్టి పెన్సిల్ వెనక రబ్బరుతో గట్టిగా నొక్కితే పోతుంది. నా పాత లాప్‌టాప్‌కు అట్లనే పోయింది.

గాజుపలక

నీకు పోయింది, సంతోషం. నొక్కినచోట శాశ్వతంగా తెల్ల మచ్చ పడినవి నేను చాలా చూసినా. ఆ మచ్చ చూస్తే టెక్నీషియన్ "ఫిజికల్ డ్యామేజ్" అని టిక్కు కొట్టి పోతాడు, వారంటీ అక్కడితో సరి. కొత్త మానిటర్ మీద ఆ పని చేయద్దు.

రంగులు గబగబా మారే వీడియో చుక్క మీద కొన్ని గంటలు ఆడిస్తే ఒక్కోసారి వెలిగి నిలిచిపోయిన ముక్క కదులుతుంది. దానివల్ల నష్టం లేదు గానీ, ఆ పని చేసేముందు ఫోటోలు, వీడియో తీసిపెట్టుకో. చుక్క ఒకరోజు పోయి మళ్లీ వస్తే చేతిలో ఏదో ఒకటి ఉండాల.

సీమ_టీచరమ్మ

ఫోటో ఎట్లా తీయాలో కూడా చెప్పండి. నల్ల స్క్రీన్‌ను ఫోన్‌తో తీస్తే మొత్తం బూడిద రంగుగా వచ్చి చుక్క కనపడదు. మా టీవీ గీతకే ఎన్నిసార్లు తీశానో.

గాజుపలక

గదిలో లైటు ఆర్పండి. మూర దూరం నుంచి స్క్రీన్‌కు సూటిగా నిలబడి, ఫోన్‌లో చుక్క మీద వేలు పెట్టి పట్టుకుంటే ఫోకస్ తాళం పడుతుంది. అప్పుడు పక్కన వచ్చే సూర్యుడి గుర్తును కిందికి లాగితే నలుపు నల్లగా నిలుస్తుంది, చుక్క తేలుతుంది. మరీ దగ్గరికి పోతే పిక్సెళ్ల గడులు అలలలాగా వచ్చి చెడిపోతుంది. ఫోటో కంటే వీడియో మేలు. ఆపకుండా ఒకటే టేకులో వెనక సీరియల్ స్టిక్కర్ చూపించి, ముందుకొచ్చి, ఐదు రంగులూ ఒకదాని తర్వాత ఒకటి మార్చి, చివర్లో మానిటర్ మెనూను చుక్క మీదికి తేవాల. నిమిషంన్నర చాలు.

చుక్క ఎక్కడుందో చెప్పడానికి స్కేలు గాజుకు తగలకుండా పెట్టి, వెలిగే భాగం ఎడమ అంచు నుంచి ఎంత, పై అంచు నుంచి ఎంత అని సెంటీమీటర్లలో కొలిస్తే సరిపోతుంది. ఒక పిక్సెల్ వెడల్పే మిల్లీమీటర్లో పావు వంతుకు కొంచెం ఎక్కువ, "మధ్యలో ఉంది" అంటే వచ్చిన మనిషి వెతుక్కుంటూనే ఉంటాడు.

కడప_నల్లకోటు

నేను కడపలో ప్రాక్టీసు చేస్తా. రాయుడు గారు చెప్పిన 30 రోజుల సంగతి గురించి ఒక మాట. 2019 వినియోగదారుల రక్షణ చట్టం, 2020 జూలై 20 నుంచి అమల్లో ఉంది. లోపమున్న సరుకును బిల్లులో రాసిన గడువులోగా, బిల్లులో గడువు లేకపోతే 30 రోజుల్లోగా, వెనక్కి తీసుకొని డబ్బు ఇవ్వకపోతే అది అనుచిత వ్యాపార పద్ధతి అని 2(47)లో ఉంది. కాబట్టి బిల్లు కింద "ఒకసారి అమ్మిన సరుకు వాపసు తీసుకోబడదు" అని అచ్చువేసుకున్నంత మాత్రాన షాపు తప్పించుకోలేదు.

చిక్కు ఎక్కడంటే "లోపం" అనే మాట దగ్గర. చట్టం ప్రకారం లోపమంటే చట్టం వల్లో, ఒప్పందం వల్లో, అమ్మినవాడు చెప్పినదాన్ని బట్టో ఉండాల్సిన నాణ్యతలో కొరత. కంపెనీ తన పిక్సెల్ పాలసీ చూపించి "మూడు చుక్కలు మా ఒప్పందంలోనే ఉన్నాయి" అంటుంది. కొన్నవాడు "కొనేటప్పుడు ఆ కాగితం నాకు ఎవరూ చూపించలేదు" అంటాడు. రెండు వాదనలకూ బలముంది. ఏ వినియోగదారుల కమిషన్, అంటే మీరనే కన్స్యూమర్ కోర్టు, ఎటు మొగ్గుతుందో ముందే చెప్పడం కష్టం. అందుకని మొదటి మెయిల్‌లోనే కోర్టు మాట ఎత్తొద్దు. అది చివరి మెట్టు.

పెన్నేటి_రాయుడు

ఈయనది డీటీపీ షాపు కదా. వ్యాపారానికి కొంటే వినియోగదారుడే కాడు, కేసు చెల్లదు అని విన్నా.

కడప_నల్లకోటు

పెద్ద వ్యాపారానికి కొంటే నిజమే. సొంతంగా పనిచేసుకుంటూ పొట్టపోసుకోవడానికి కొన్నదాన్ని చట్టం వ్యాపార అవసరంగా లెక్కించదు. ఒక్కడే కూర్చొని పత్రికలు వేసుకునే మనిషికి ఆ రక్షణ ఉంది. పనివాళ్లను పెట్టుకొని పది మానిటర్లు కొంటే వేరే మాట.

అనంత_డీటీపీ

అందరికీ దండాలు. కంపెనీ సైట్‌లో చూస్తే నా మోడల్ పాలసీలో వెలిగే చుక్కలకూ ఆరిన చుక్కలకూ వేరే వేరే లెక్క ఉంది గానీ, ముక్క వెలిగినా వెలిగే చుక్క కిందే లెక్కేస్తారా అన్నది స్పష్టంగా లేదు. అందుకని వారంటీని రెండో మాటగా పెట్టి, డీఓఏను ముందు పెట్టినా. ఇప్పుడు చూడండి:

> విషయం: కొత్త మానిటర్‌లో మూడు ఆరని చుక్కలు – డీఓఏ కింద మార్చి ఇవ్వమని వినతి – బిల్లు నంబర్ …
>
> నమస్కారం. మీ షాపులో … తేదీన, పై బిల్లు మీద … మోడల్ 24 అంగుళాల మానిటర్ కొన్నాను. సీరియల్ నంబర్ …. డబ్బా, దానితో వచ్చిన సామాను అన్నీ నా దగ్గర ఉన్నాయి.
>
> నల్ల తెర మీద మూడు చుక్కలు ఆరకుండా వెలుగుతున్నాయి. రెండు ఆకుపచ్చవి: ఎడమ అంచు నుంచి 27, పై అంచు నుంచి 14 సెం.మీ. దగ్గర ఒకటి, దానికి కుడివైపు 2 సెం.మీ. దూరంలో ఇంకొకటి. ఎర్రది ఎడమ అంచు నుంచి 41, పై అంచు నుంచి 22 సెం.మీ. దగ్గర ఉంది. స్క్రీన్‌షాట్‌లో ఇవి రావడం లేదు. మానిటర్ సొంత మెనూ మీద కూడా కనపడుతున్నాయి. వేరే లాప్‌టాప్, వేరే కేబుల్‌తో చూసినా అట్లనే ఉన్నాయి. వీడియో, ఫోటోలు, బిల్లు జతచేశాను.
>
> కొన్న కొద్ది రోజుల్లోనే తెలియజేస్తున్నాను కాబట్టి దీన్ని డీఓఏగా నమోదు చేయించి, ఇదే మోడల్‌లో సీలు తీయని కొత్త పీసు ఇప్పించగలరు. కంపెనీ పరీక్ష అవసరమైతే కంప్లయింట్ నంబర్ తెలపండి, టెక్నీషియన్‌కు చూపించడానికి సిద్ధంగా ఉన్నాను. డీఓఏ కుదరదంటే ఏ నియమం వల్ల కుదరదో రాతపూర్వకంగా తెలిపి, వారంటీ కింద కంపెనీకి పంపగలరు.
>
> ఏడు పనిదినాల్లో జవాబు ఆశిస్తూ,

గాజుపలక

ఇది మెయిల్. కంపెనీ సపోర్ట్ అడ్రసును కూడా కాపీలో పెట్టు. వాళ్లకు పైన నాలుగు లైన్లు ఇంగ్లీషులో రాయి, కాల్ సెంటర్ యాడుంటుందో ఏమో.

పొద్దుటూరు_కంప్యూటర్స్

"సీలు తీయని" అన్న మాట వదలొద్దు. వారంటీలో మార్పిడి అంటే కంపెనీ ఒక్కోసారి బాగుచేసిన పాత పీసు పంపుతుంది, ఆ హక్కు వాళ్ల కాగితంలోనే రాసుకుంటారు. డీఓఏలో కొత్తది వస్తుంది. వీడియో మెయిల్‌కు బరువైతే డ్రైవ్‌లో పెట్టి లింకు ఇవ్వండి. లింకు అందరికీ తెరుచుకుంటుందో లేదో వేరే ఫోన్‌లో చూసుకోండి. "పర్మిషన్ అడుగుతోంది" అని మేము ఎన్ని మెయిళ్లు పక్కన పెట్టినామో.

కడప_నల్లకోటు

చివరి పేరా బాగుంది. "ఏ నియమం వల్ల" అని అడిగినారు, కాదంటే వాళ్లు ఆ పాలసీ కాగితం చూపించాల్సి వస్తుంది. రేపు అవసరమైతే అదే మీ ఫైలులో మొదటి కాగితం. జవాబు రాకపోతే 1915కు ఫోన్ చేసి జాతీయ వినియోగదారుల హెల్ప్‌లైన్‌లో ఫిర్యాదు పెట్టండి, ఖర్చు లేదు. ఆ తర్వాతే జిల్లా కమిషన్. ఐదు లక్షల లోపు సరుకుకు అక్కడ ఫీజు లేదు, మీరుండే ఊళ్లోనే వేసుకోవచ్చు, రెండేళ్ల దాకా సమయముంది.

అనంత_డీటీపీ

షాపు నుంచి జవాబు వచ్చింది. ఫోన్‌లో మాట్లాడిన మనిషే, గొంతు మారింది. కంప్లయింట్ నంబర్ ఇచ్చినారు, టెక్నీషియన్ వచ్చి చూస్తాడంట. "డీఓఏ ఇస్తారో లేదో వాళ్ల రిపోర్టును బట్టి, మా తరఫున ఒత్తిడి చేస్తాం" అని రాసినారు. కొత్తది ఇస్తారని మాత్రం రాయలా.

గాజుపలక

టెక్నీషియన్ వచ్చినప్పుడు పగలైతే కిటికీ మూయి, నల్ల బొమ్మ ముందే పెట్టిపెట్టు. రిపోర్టులో "మూడు వెలిగే చుక్కలు" అని రాసినాడా, "ఇబ్బంది కనపడలేదు" అని రాసినాడా చదివి సంతకం పెట్టు. రెండోదైతే సంతకం పెట్టద్దు, లేదా పక్కన నీ మాట రాసి పెట్టు.

తుంగభద్ర_చిన్నోడు

కొత్తది ఇచ్చినా దాంట్లో కూడా చుక్కలుంటే?

పొద్దుటూరు_కంప్యూటర్స్

ఉండొచ్చు. అందుకే లాప్‌టాప్, ఆ ఐదు బొమ్మలు తీసుకొని పోయి, కౌంటర్ దగ్గరే విప్పించి చూసుకొని తెచ్చుకోమనండి. మేమైతే అడిగినవాళ్లకు చూపిస్తాం. అడగనివాళ్లకు చూపించం, అబద్ధమెందుకు.